పెళ్లికి రాలేనని స్నేహితురాలికి రాసిన మెసేజీ

ఇవాళ నేను చెప్పబోయేది ఫోన్లో రాసిన ఒక చిన్న ఉత్తరం గురించి. దగ్గరి స్నేహితురాలి పెళ్లికి రాలేనని చెప్పిన ఉత్తరం అది. రాసినామె నాకు తెలుసు. ఆమె, పెళ్లికూతురు, ఇద్దరూ సరేనన్నాకే ఈ సంగతి మీ ముందుకు తెస్తున్నాను. పేర్లు చెప్పను, పెళ్లి జరిగిన ఊరి పేరూ చెప్పను. మాటలు మాత్రం దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ విలువంతా ఆ మాటల్లోనే ఉంది.

ఇద్దరూ కాకినాడలో ఇంజినీరింగు చదువుకున్నారు. హాస్టల్లో ఒకే గది. ఒకామెకు ముందే పెళ్లయింది, హైదరాబాదులో ఉంటోంది. రెండో ఆమె పెళ్లి కోనసీమలో, సొంతూళ్లో. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. హైదరాబాదు నుంచి వెళ్లాలంటే ముందు రోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, పొద్దున రాజమండ్రిలో దిగాలి, అక్కణ్నుంచి కారో బస్సో చూసుకోవాలి. పెళ్లికూతుర్ని చేసే రోజు నుంచి ఉండాలంటే పని రోజులు నాలుగు పోతాయి. హైదరాబాదు అమ్మాయి అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరింది. ఇంకా ప్రొబేషనే. సెలవు పెడితే జీతం కోత, పైగా ప్రొబేషన్ పొడిగిస్తారన్న భయం. అదే సమయంలో భర్త ఉద్యోగం పోయింది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. రాలేననడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అయినా వారాల తరబడి ఆ మాట అనలేకపోయింది.

అనలేకపోవడానికి కారణం అవతలి నుంచి వస్తున్న ఒత్తిడి. ఆ మెసేజీలు ఇలా ఉండేవి: “నువ్వు రాకపోతే నేను పీటల మీద కూర్చోను.” “నీ పెళ్లికి పరీక్షలు మానుకుని వచ్చానే నేను.” “మన గదివాళ్లు అందరూ వస్తున్నారు, నువ్వొక్కదానివే లెక్క తేల్చలేదు.” “టికెట్ నేనే తీస్తా, చీర కూడా నేనే తెస్తా, నువ్వు మనిషివి వచ్చేయ్.” 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ గడువు నూట ఇరవై రోజుల నుంచి 60 రోజులకు తగ్గిందని మీకు తెలుసు కదా. ప్రయాణానికి సరిగ్గా అన్ని రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికే వచ్చిన మెసేజీ: “ఇవాళ రిజర్వేషన్ తెరిచారు. చేశావా?”

ఇలాంటివి వరసగా చదివితే ఎవరికైనా చిరాకొస్తుంది. ఈమెకూ వచ్చింది. పెళ్లి తనది, పంతమూ తనదేనా అనుకుంది. ఆ చిరాకులో రాసి పంపి ఉంటే ఆ స్నేహం ఎలా మిగిలేదో చెప్పలేను. పంపలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, శుభలేఖ ఫొటో వచ్చిన రోజు దాకా వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి వరసగా పెళ్లికూతురి మెసేజీలు మాత్రమే చదువుకుంటూ వచ్చింది. ఈ ఒక్క పని మూలంగానే ఆ తర్వాత రాసిన ఉత్తరానికి ఆ గుణం వచ్చిందని నా నమ్మకం.

రోజుకొకటి వచ్చినప్పుడు మెసేజీ మెసేజీగానే కనిపిస్తుంది. అన్నీ ఒకేసారి చదివితే, అడక్కుండానే మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటి తేలుతుంది. టికెట్ మాట, చీర మాట, “అందరూ వస్తున్నారు” అన్న మాట, ఇవన్నీ పగటిపూట వచ్చినవి. రాత్రి పన్నెండు దాటాక వచ్చినవి వేరుగా ఉన్నాయి. “బాబాయి ఫోనెత్తట్లేదే.” నాలుగు రోజుల తర్వాత: “అత్తయ్యావాళ్లు రామని నాన్నతో చెప్పేశారట.” ఇంకో రాత్రి: “మావయ్య గంప ఎత్తనన్నాడట. అమ్మ ఏడుస్తోంది.” దాని కిందే: “మండపంలో మా వైపు కుర్చీలు ఖాళీగా కనపడతాయే.” ఆ మెసేజీకి మన హైదరాబాదు అమ్మాయి పంపిన జవాబు ఒక నవ్వు బొమ్మ, “ఏం కాదులే, అందరూ వస్తారు” అన్న ముక్క.

పెళ్లికూతురు తనకు నచ్చిన అబ్బాయిని చేసుకుంటోంది. కులాలు వేరు. అమ్మానాన్నలు ఒప్పుకున్నారు, బంధువులు ఒప్పుకోలేదు. మన పెళ్లిళ్లలో గౌరీపూజ దగ్గర కూర్చున్న పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మండపానికి తెస్తాడు. చూసేవాళ్లకు అది ముచ్చట. మేనమామ రానని చెప్పిన పిల్లకు మాత్రం, “అమ్మాయిని తీసుకురండి” అని పురోహితుడు కేకేసే ఆ క్షణం తలుచుకుంటేనే నిద్ర పట్టదు. ఆమె రమ్మని పట్టుబట్టింది ఆ క్షణం కోసం. రాత్రి చెప్పలేకపోయినదాన్ని పగలు టికెట్ అనీ చీర అనీ అడిగింది.

ఒత్తిడి పెట్టేవాళ్లందరూ ఒకే కారణంతో పెట్టరు. కొందరికి లెక్క: నీ పెళ్లికి నేను వచ్చాను, నా పెళ్లికి నువ్వు రావాలి. కొందరికి వేడుక కావాలి, ఫొటోల్లో గుంపు నిండుగా ఉండాలి. కొందరికి భయం. మూడింటిలోనూ మాటలు దాదాపు ఒకటే ఉంటాయి, “నువ్వు రాకపోతే ఊరుకోను” అని. అందుకే ఒక మెసేజీ చూసి నిర్ణయానికి రాకూడదు. ఏ వేళకి వచ్చింది, దానికి ముందు ఏం రాసింది, మనం మాట మార్చినా తను మళ్లీ ఎక్కడికి తిరిగొచ్చింది, ఇవి చూస్తే తెలుస్తుంది. లెక్క చూసుకునే మనిషికి గౌరవంగా ఒక ఫోను, తర్వాత ఇంటికి వెళ్లి ఒక కానుక ఇచ్చి రావడం సరిపోతుంది. వేడుక కోరుకునే మనిషి రెండు రోజులు అలిగి మర్చిపోతుంది. భయపడే మనిషికి మాత్రం మనం రాలేమన్న మాటతో పాటు ఆ భయానికి కూడా ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే మన ఉత్తరం ఎంత అందంగా ఉన్నా, రానన్న బంధువుల జాబితాలో మన పేరు చేరినట్టే ఆమెకు అనిపిస్తుంది.

తర్వాత ఆమె తన మెసేజీలు చదువుకుంది. “చూస్తానే.” “ట్రై చేస్తున్నా.” “మేనేజర్ని అడగాలి.” “నీ పెళ్లికి రాకుండా ఉంటానా?” శుభమా అని పిలిచినప్పుడు రాలేననడానికి మనకు నోరు రాదు. అందుకని సగం మాట అంటాం. అవతలివాళ్లు ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగం కోసం అడుగుతారు. “చూస్తాను” వెళ్లిన ప్రతిసారీ మర్నాడు ఇంకో మెసేజీ వచ్చింది. ఒత్తిడిలో కొంత భాగం ఇటునుంచే వెళ్లిందని తెలిశాక ఆమె చిరాకు చాలావరకు తగ్గింది.

అప్పుడు రాయడానికి కూర్చుంది. మొదట రాసినది నాకు చూపించింది. “సారీ, సారీ, వెరీ సారీ” అని మొదలైంది. రావాలని ఎంత ఉందో, ఎంత ఏడ్చిందో, మేనేజర్ ఎలాంటివాడో, అత్తగారి మోకాళ్ల నొప్పి, రైల్లో రద్దీ, ఎండలు, అన్నీ రాసింది. చివరికి “అయినా చివరి నిమిషంలో ఏదైనా కుదిరితే వచ్చేస్తా” అని ముగించింది. నేను రెండు సంగతులు చెప్పాను. కారణాలు అయిదు రాస్తే ఒక్కటీ గట్టిది కాదనిపిస్తుంది. పైగా ఒక్కో కారణానికీ ఒక్కో పరిష్కారం అవతల నుంచి వస్తుంది: మేనేజర్‌తో నేను మాట్లాడనా, అత్తగారిని ఆడపడుచు దగ్గర ఉంచు, కారు పంపుతా. ఇక ఆ చివరి వాక్యం ఉందే, అది అన్నింటికంటే కఠినమైనది. పెళ్లి మండపంలో కూర్చున్న పిల్ల గుమ్మం వైపు చూసేలా చేస్తుంది.

ఏ కారణం రాయాలన్నది తేలడానికి చాలాసేపు పట్టింది. ఉన్నవి రెండు: సెలవు లేకపోవడం, భర్త ఉద్యోగం పోవడం. రెండూ నిజమే. భర్త సంగతి రాస్తే పెళ్లికూతురు వెంటనే కరిగిపోతుంది, ఒత్తిడి ఆగిపోతుంది. కానీ పెళ్లిరోజుల్లో పెళ్లికూతురి ఫోను పెళ్లికూతురి చేతిలో ఉండదు. చెల్లెలు పట్టుకుంటుంది, మేకప్ చేసేవాళ్లు బల్ల మీద పెడతారు, పిన్ని కూతురు ఫొటోల కోసం తీస్తుంది. ఆ ఫోన్లోకి వెళ్లిన ఏ మాటైనా నలుగురు చదివే మాటే. భర్త ఇంకా సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోని సంగతిని అక్కడ పెట్టడం సబబు కాదు. అదే లెక్కన, పెళ్లికూతురి బంధువుల గొడవ కూడా పేర్లతో రాయకూడదు. మావయ్య గంప మాట ఎవరైనా చదివితే ఆ ఇంట్లో మళ్లీ ఒక తగువు. కాబట్టి కారణం ఒకటే, సెలవు. ఆ భయం గురించి మాత్రం తనకొక్కదానికే తెలిసేలా రాయాలి.

మొదటి వరస గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫోను తెర మీద ముందుగా కనిపించేది మెసేజీలో మొదటి ఒకటి రెండు వరసలే. “నీతో ఒక విషయం చెప్పాలి, కోపం తెచ్చుకోకు” అని మొదలుపెడితే, చీర కట్టించుకుంటూ ఆ రెండు ముక్కలు చూసిన మనిషికి గుండె ఆగినంత పనవుతుంది. అసలు సంగతి మొదటి వరసలోనే రావాలి. మొత్తం ఒకే మెసేజీగా వెళ్లాలి. ముక్కలు ముక్కలుగా పంపితే రెండో ముక్క వెళ్లేలోపే అవతల జవాబు మొదలవుతుంది.

చివరికి పంపినది ఇది. ఉన్నదున్నట్టు చదువుతాను.

“పెళ్లికూతురా, నీ పెళ్లికి నేను రాలేకపోతున్నానే. ఇన్నాళ్లూ చూస్తాను చూస్తాను అని నిన్ను ఎదురుచూసేలా చేశాను. ఇవాళ ఖాయంగా చెబుతున్నా.

ప్రొబేషన్ అయ్యేదాకా నాకు సెలవుల్లేవు. పెడితే ఉద్యోగానికే ఇబ్బంది. టికెట్ తీస్తానన్నావు, చీర తెస్తానన్నావు, అన్నమాట నిలబెట్టుకుంటావనీ తెలుసు. కానీ అడ్డొచ్చేది టికెట్ కాదు, ఆ నాలుగు రోజులు. వాటిని నువ్వూ తేలేవు, నేనూ తేలేను.

నీ మెసేజీలన్నీ మొదటి నుంచి మళ్లీ చదివాను. ఆ రాత్రి నువ్వు నాకు చెప్పిన మాటకి నేను నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఇప్పుడు అర్థమైందే. మన గదివాళ్లిద్దరితో నిన్న మాట్లాడాను. ముందు రోజు మధ్యాహ్నానికే వచ్చేస్తారు, నీ గదిలోనే పడుకుంటారు. గౌరీపూజ దగ్గర నుంచి అప్పగింతలయ్యేదాకా నీ పక్కనుంచి కదలరు. నువ్వు గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నీకు అటొకరు ఇటొకరు ఉంటారు.

ఈ రోజు నుంచి రాత్రి పదింటికి నేను ఫోను దగ్గరే ఉంటాను. మాట్లాడాలనిపిస్తే చెయ్యి, నిద్రొస్తే పడుకో. ముహూర్తం వేళకి లైవ్ పెట్టుకుని కూర్చుంటా. దీనికి జవాబు ఇప్పుడే రాయక్కర్లేదు. కోపమొస్తే వచ్చిందని చెప్పు. నువ్వు కోరుకున్నవాడితో నీ పెళ్లవుతోంది, నాకు చాలా సంతోషంగా ఉందే.”

ఇందులో నాకు బాగా నచ్చింది గదివాళ్ల సంగతి. ఆమె వాళ్లిద్దరికీ ముందే ఫోను చేసి, వాళ్లు సరేనన్నాక, ఏ పూట వస్తారో తేలాక మాత్రమే రాసింది. “నేను ఎవరినైనా పంపిస్తాలే” అని రాయలేదు. భయపడే మనిషికి ఇంకో హామీ ఇస్తే దాని కోసం కూడా ఎదురుచూడాలి. జరిగిపోయిన ఏర్పాటు చెబితే ఆ రాత్రి నిద్రపోతుంది. ఆ ఇద్దరికీ కూడా ఆమె పెళ్లికూతురి బంధువుల కథ చెప్పలేదు, “తనకి తోడు కావాలి, ముందు రోజే వెళ్లండి” అన్నది, అంతే. “ముహూర్తం టైముకి నాకు వీడియో కాల్ చెయ్యి” అని రాయనందుకూ సంతోషించాను. అలా అడిగితే పెళ్లికూతురికి ఇంకో పని పెట్టినట్టు. లైవ్ చూడటానికి ఎవరి అనుమతీ, ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

రాసింది ఆదివారం రాత్రి. పంపింది సోమవారం పొద్దున, పెళ్లికి ఆరు వారాల ముందు. అర్ధరాత్రి పంపితే చదివినామె తెల్లవార్లూ దాంతోనే ఉంటుంది. ఆరు వారాల ముందు చెబితే గదుల లెక్క, స్టేషన్ నుంచి కార్ల లెక్క మార్చుకోవడానికి వీలుంటుంది. వంటవాళ్లకు చెప్పే విస్తళ్ల లెక్కలో ఒక మనిషి తేడా రాదు గానీ, పెళ్లికూతురి మనసులో ఎవరు ఎక్కడ నిలబడాలో అన్న లెక్కలో వస్తుంది. హాస్టల్ గ్రూపులో ఈ మాట పడకుండా ఆమె రెండు రోజులు ఆగింది. పెళ్లికూతురికి ఈమె నుంచే తెలియాలి గానీ, గ్రూపులో ఎవరో “అయ్యో, రావట్లేదా” అని పెడితే తెలియకూడదు. ఈమధ్య చాలామంది రాలేమన్న మెసేజీ కిందే యూపీఐలో చదివింపుల డబ్బు పంపేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మనిషికి బదులు కట్టిన జరిమానాలా ఉంటుంది. కానుకకు తర్వాత చాలా వేళలున్నాయి.

జవాబు సాయంత్రానికి వచ్చింది. “చదివాను. కోపంగానే ఉంది.” దానికి ఈమె “ఉండాలి కదే” అని మాత్రం రాసింది. మూడో రోజు రాత్రి మళ్లీ: “ముహూర్తం రాత్రికి మాత్రం వచ్చి, మర్నాడు పొద్దున్నే వెళ్లిపోవే.” ఇక్కడే చాలామంది జారిపోతారు. ఈ మాటకు జవాబుగా ఇంకో కొత్త కారణం చెబుతారు, దాంతో మొదటి కారణం అబద్ధమనిపిస్తుంది. నిజానికి ఆ లెక్కలో నాలుగు రోజులు రెండు రోజులకు తగ్గుతాయి, ఆమె కూడా తడబడింది. కానీ రెండు రోజులైనా సెలవు సెలవే. ఆమె రాసింది ఇంతే: “రాలేనే. ఆ రెండు రోజులు కూడా నేను ఆఫీసులో ఉండాలి. పదవుతోంది, ఫోను చేస్తావా?” చేసింది. గంటన్నర మాట్లాడుకున్నారు. అందులో పెళ్లికి రావడం గురించి ఎంత మాట్లాడారో నేను అడగలేదు. భర్త ఉద్యోగం సంగతి మాత్రం, ఆయన్ను అడిగి, ఆ ఫోన్లోనే చెప్పానంది.

మెసేజీతో పని అక్కడితో అయిపోలేదు. పెళ్లికూతురి అమ్మగారు అంతకుముందు హైదరాబాదు వచ్చినప్పుడు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచి వెళ్లారు. అలా పిలిచిన పెద్దవాళ్లకు మెసేజీ సరిపోదు. ఆమె ఆంటీకి విడిగా ఫోను చేసి, “రాలేకపోతున్నాను ఆంటీ, ఉద్యోగంలో కొత్త, సెలవుల్లేవు, తర్వాత ఇద్దరం కలిసి వచ్చి ఆశీర్వాదం తీసుకుంటాం” అని చెప్పింది. కూతురి భయం మాట అక్కడ ఎత్తలేదు.

అందరికీ ఇలాగే రాయాలని నేను అనను. స్నేహం పలచగా ఉంటే ఇందులో నాలుగో వంతు చాలు: రాలేకపోతున్నానన్న మాట, ఒక కారణం, మనస్ఫూర్తిగా శుభాకాంక్షలు. చదివిన మెసేజీల్లో భయం కాక బెదిరింపు కనిపిస్తే, “రాకపోతే నీ సంగతి అందరికీ చెబుతా” లాంటివి ఉంటే, అక్కడ కారణం కూడా ఇవ్వక్కర్లేదు, రాలేనన్న ఒక్క వాక్యం చాలు. తోడు పెళ్లికూతురిగా ఉంటానని ముందే ఒప్పుకున్నవాళ్లు మాత్రం మెసేజీ వెనక దాక్కోకూడదు. ముందు ఫోను చేయాలి, తిట్లు తినాలి, ఆ తర్వాతే రాయాలి.

పెళ్లి బాగానే జరిగింది. సొంత మేనమామ రాలేదు. అమ్మగారి పెదనాన్న కొడుకు, వరసకు మేనమామే అయిన ఒకాయన ఏలూరు నుంచి వచ్చి గంప పట్టారు. గదివాళ్లిద్దరూ చెప్పినట్టే చెరోపక్కా నడిచారు. కొత్త జంట ఇప్పుడు హైదరాబాదులోనే కాపురం పెట్టారు, ఈ ఇద్దరి ఇళ్లకూ మధ్య మెట్రోలో నాలుగు స్టేషన్లు.

వచ్చే ముహూర్తాల్లో మీకూ ఒక శుభలేఖ వచ్చి, వెళ్లలేమని మీకే తెలిసిపోతే, ఈ రాత్రి ఏమీ రాయకండి. ఆ స్నేహితుడో స్నేహితురాలో ఇంతకాలం మీకు పంపినవన్నీ మొదటి నుంచి వరసగా ఒక్కసారి చదవండి, ముఖ్యంగా మీరు జవాబివ్వకుండా వదిలేసినవి. రేపు పొద్దున రాయండి. ఇంకొక్క వారం “చూస్తాను” అని మాత్రం అనకండి.